సాక్షి గణపతి దగ్గర, ఎడమ నుంచి కుడికి

శ్రీశైలం గుడికి రెండు కిలోమీటర్ల ఇవతల, రోడ్డు పక్కనే సాక్షి గణపతి కొలువై ఉంటాడు. ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో గంటం. మల్లన్న దర్శనానికి ఎవరెవరు వచ్చారో ఈయన రాసిపెట్టుకుని కైలాసంలో సాక్ష్యం చెబుతాడని నమ్మకం. అందుకే వచ్చినవాళ్లు ఇక్కడ ఆగి, గోత్రం, పేరు చెప్పుకుని మరీ కదులుతారు. పసిపిల్లల పేరు తల్లి చెబుతుంది. వినికిడి తగ్గిన పెద్దాయన పేరు కొడుకు గట్టిగా చెబుతాడు.

ఆ తర్వాత బయటికొచ్చి అందరూ కలిసి ఒక ఫోటో దిగుతారు. సాయంత్రానికి అది స్టేటస్‌లో కనిపిస్తుంది. కింద "ఓం నమః శివాయ" అనో, "బ్లెస్డ్ విత్ ఫ్యామిలీ" అనో ఒక ముక్క, పక్కన రెండు దండాల బొమ్మలు. ఫోటోలో ఉన్నవాళ్ల పేర్లు గణపతి పుస్తకంలో పడ్డాయేమో గానీ ఫోటో కింద పడలేదు. ఊరు లేదు, తేదీ లేదు. అదే ముక్క యాదగిరిగుట్టలో దిగిన ఫోటోకూ సరిపోతుంది, పక్కింటివాళ్ల ఫోటోకూ సరిపోతుంది. రాసిన వాక్యం ఇంకొకరి ఫోటో కింద కూడా ఇమిడిపోతుందంటే దాన్ని కొట్టేయొచ్చు. ఫోటో కింద మాటకు ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు.

ముసలి తల్లిదండ్రుల్నీ, పిల్లల్నీ వెంటేసుకుని చేసే యాత్రలో ఈ నాలుగు మాటల విలువ మామూలు టూరు కంటే ఎక్కువ. తాతయ్యకు ఈ దారిలో పాత జ్ఞాపకాలున్నాయి, రాసే ఓపిక లేదు. పిల్లలకు ఇదే మొదటి జ్ఞాపకం, రాసే వయసు రాలేదు. మధ్యలో ఉన్న కొడుకో కోడలో ఇద్దరి మాటలూ విని రాసిపెట్టాలి. వాళ్లేమో టికెట్లు, మందులు, పార్కింగ్, పాలసీసా గొడవల్లో ఉంటారు. అందుకే ఎక్కువ పని పెట్టుకోకుండా, ఒక్కో ఫోటోకు పది పదిహేను మాటల్లో ఏం రాయొచ్చో ఒక యాత్ర వెంట వెళ్లి చూద్దాం.

2023 దసరా సెలవుల్లో హైదరాబాద్ నుంచి కారులో శ్రీశైలం బయల్దేరిన ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. డెబ్బై దాటిన తాతయ్య, నాయనమ్మ, కొడుకు, కోడలు, ఐదో తరగతి మనవడు, యూకేజీ మనవరాలు. మొదటి ఫోటో మన్ననూరు అటవీ చెక్‌పోస్టు దగ్గర. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మీదుగా పోయే ఈ రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. ఈ సంగతి తెలిసిన తాతయ్య అందరినీ రెండింటికే లేపి బయల్దేరదీశాడు. ఫోటోలో కనిపించేది చీకటి, కార్ల వరుస, స్వెటర్ వేసుకుని రోడ్డు మీద నిలబడ్డ పెద్దాయన. ఇంతవరకు చూసేవాళ్లకు కళ్లున్నాయి, మళ్లీ రాయనక్కర్లేదు.

ఇక్కడే మన వార్తాపత్రికల అలవాటు అడ్డొస్తుంది. "శ్రీశైలంలో స్వామివారిని దర్శించుకునేందుకు బారులు తీరిన భక్తులు" అన్న ధోరణి రోజూ చదివీ చదివీ మన వేళ్లకు కూడా పట్టేసింది. ఫోన్ చేతికి తీసుకోగానే "చెక్‌పోస్టు వద్ద వేచి ఉన్న తాతయ్య" అని రాసేస్తాం. పత్రికకు ఆ పద్ధతి సరే, చూసేవాళ్లకు ఆ మనిషెవరో తెలియదు కాబట్టి. ఇంట్లోవాళ్లకు ఆయన నిలబడ్డాడని చెప్పడం దేనికి? ఎందుకు నిలబడ్డాడో చెప్పాలి. కాబట్టి ఇలా:

"మన్ననూరు గేటు, 2023 అక్టోబర్ 18. ఆరింటికి తీస్తారు. తాతయ్య నాలుగున్నరకే తెచ్చి నిలబెట్టాడు."

పదకొండు మాటల్లో చోటు, తేదీ, మనిషి స్వభావం మూడూ వచ్చేశాయి. తేదీ ఫోన్‌లో ఎలాగూ ఉంటుంది కదా, మళ్లీ రాయడం దేనికని అనిపించవచ్చు. ఫోటో తీసిన ఫోన్‌లో ఉంటుంది, నిజమే. తీసిన తేదీ, సమయం, లొకేషన్ ఆన్‌లో ఉంటే చోటు కూడా ఫోటో ఫైలు లోపలే నమోదవుతాయి. కానీ వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరాలు ఊడిపోతాయి, ఫోటో సైజూ తగ్గుతుంది. విజయవాడలో ఉన్న అత్త ఫోన్‌లో ఆ ఫోటో అందిన రోజు తేదీతో కూర్చుంటుంది. ఇంకో చిక్కు ఏంటంటే, వాట్సాప్‌లో ఫోటోతో పాటు టైపు చేసే మాట మెసేజీకే అతుక్కుని ఉంటుంది, ఫోటోకు కాదు. గ్యాలరీలోకి చేరేది బొమ్మ ఒక్కటే. ఎంత ముచ్చటగా రాసినా చాట్ చెరిపేసిన రోజున అదీ పోతుంది.

అందుకని రాయాల్సింది ముందు ఫోన్ గ్యాలరీలోనే. ఐఫోన్‌లో గానీ, గూగుల్ ఫోటోస్‌లో గానీ ఫోటోను వేలితో పైకి జరిపితే వివరణ రాసుకునే ఖాళీ కనిపిస్తుంది. తెలుగులోనే టైపు చేయొచ్చు, మైకు నొక్కి చెప్పినా రాసుకుంటుంది. తర్వాత అక్కడి నుంచి కాపీ చేసి గ్రూపులో పెట్టుకోవచ్చు. అసలు ఫోటో తేదీతో సహా ఎవరికైనా అందాలంటే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే చాలు.

సాక్షి గణపతి దగ్గరి గ్రూపు ఫోటోకు వద్దాం. ఆరుగురూ ఒక చోట ఉన్న ఫోటో యాత్ర మొత్తంలో ఇదొక్కటే కావచ్చు, ఎందుకంటే మిగతా వాటిలో తీసేవాళ్లెవరో ఒకరు తప్పిపోతారు. ఇక్కడ పొడుగు కబుర్లేమీ వద్దు, పేర్లు కావాలి. ఎడమ నుంచి కుడికి, అసలు పేర్లతో. "అమ్మ, నాన్న, అత్తయ్య, నేను" అని రాస్తే రాసినవాళ్లకే అర్థమవుతుంది. కొడుకు రాస్తే అమ్మ, కోడలు రాస్తే అత్తయ్య, మనవడు రాస్తే నాయనమ్మ, మనిషి మాత్రం ఒక్కతే. ముప్పై ఏళ్ల తర్వాత ఆల్బమ్ ఎవరి చేతిలో ఉంటుందో ఎవరికి తెలుసు? యాత్ర ఫోటోల్లో ఒక్క గ్రూపు ఫోటోకైనా పూర్తి పేర్లు, పక్కనే వరసలు, పిల్లల వయసులు రాస్తే, మిగతా అన్నింటికీ "తాతయ్య", "నాయనమ్మ" అని ధైర్యంగా రాసుకోవచ్చు. ఫోటో తీసిపెట్టిన కొబ్బరికాయల కొట్టు కుర్రాడిని కూడా "తీసిపెట్టింది కొట్టు అబ్బాయి" అని చేరిస్తే ముచ్చటగా ఉంటుంది.

శిఖరం దగ్గర కథ వేరు. ఇక్కడ నంది దగ్గర నువ్వులు వేసి, రెండు కొమ్ముల మధ్య నుంచి గుడి శిఖరం చూస్తే మరు జన్మ ఉండదంటారు. నంది వెనక వంగి చూస్తున్న నాయనమ్మను కోడలు ఫోటో తీసింది. ఆమెకు కనిపించినది మాత్రం ఫోటోలో లేదు. దూరంగా పచ్చటి అడవి, పొగమంచు, అంతే. శిఖరం కనిపించిందా లేదా అన్నది ఆమె చెబితేనే తెలుస్తుంది. ఫోటో కింద మాట అవసరం ఎక్కువగా పడేది ఇలాంటి చోటే. కెమెరాకు దొరకని సంగతి మనిషి నోట ఉంటుంది.

"కనపడిందా అత్తయ్యా?" అని కోడలు అడిగింది. "కళ్ల ఆపరేషన్ ఎందుకు చేయించుకున్నాననుకున్నావ్?" అందట ఆవిడ. అంతకు మించి రాసేదేముంది! ఆ మాటనే కొటేషన్‌లో పెట్టి, కింద "శిఖరం దగ్గర నాయనమ్మ" అంటే సరి. మనవడు కూడా వంగి చూశాడు. వాడికి ముందు సెల్ టవర్ కనిపించింది, తర్వాత శిఖరం. అదీ రాయాలి. భక్తి తక్కువైందని పెద్దవాళ్లు కాసేపు నొచ్చుకుంటారేమో గానీ, నాలుగేళ్లకు ఇంటిల్లిపాదీ తలుచుకుని నవ్వుకునేది దాన్నే.

పిల్లల మాటల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. పెద్దవాళ్లు దాన్ని దిద్దుతారు. గుడి ప్రాకారం బయటి రాళ్ల మీద ఏనుగులు, గుర్రాలు, వేట దృశ్యాలు, పురాణ కథలు వరసలు వరసలుగా చెక్కి ఉంటాయి. పెద్దవాళ్లు చెప్పుల స్టాండు వెతుక్కుంటుంటే పిల్లలు ఆ గోడ దగ్గరే ఆగిపోతారు. యూకేజీ పాపను గోడ ముందు నిలబెట్టి తీసిన ఫోటోకు నాన్న రాసింది: "శ్రీశైల ప్రాకార శిల్పకళా వైభవాన్ని ఆస్వాదిస్తున్న మా చిన్నారి." పాప చెప్పింది: "ఏనుగులు లెక్కపెడుతున్నా. ఆకలేసి ఆపేశా." రెండోది ఉంచాలని చెప్పడానికి పెద్ద తీర్పరి అక్కర్లేదు. పక్కన "ఐదేళ్లు" అని వయసు వేస్తే చాలు. ఈ మాటలు ఆ రోజు రాత్రే పట్టుకోవాలి. ఇంటికొచ్చి వారం పోయాక అడిగితే "బాగుంది" అనే జవాబొస్తుంది.

అసలు దర్శనానికి ఫోటో లేదు. గుడి లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, కౌంటర్‌లో పెట్టేసి వెళ్లాలి. యాత్ర దేనికోసం చేశామో అదే ఆల్బమ్‌లో ఉండదన్నమాట. చాలామంది ఈ ఖాళీని స్వామివారి క్యాలెండర్ బొమ్మతో పూడుస్తారు. అంతకంటే గోపురం ముందు బయటికొచ్చాక తీసిన ఫోటోకు ఆ పని అప్పగించడం మేలు. ఆ ఫోటోలో అందరి నుదుటా విభూతి ఉంటుంది, మొహాలు అలిసిపోయి ఉంటాయి. లోపల జరిగింది కింద రాయాలి:

"దర్శనం అయ్యాక. లోపల తాతయ్య కళ్లజోడు తీసి దండం పెట్టి, దాన్ని అక్కడే మరిచిపోబోయాడు. వెనకున్న ఎవరో అందించారు."

ఇక్కడ పదిహేను మాటల లెక్క దాదాపు నిండింది. ఫోటో లేని సంగతిని మోస్తున్న వాక్యం కాబట్టి ఆ మాత్రం నిడివి ఇవ్వొచ్చు.

ఇక పాతాళగంగ. ఈ యాత్రలో రాయడానికి అన్నిటికంటే ఎక్కువ సరుకు దొరికేది ఇక్కడే. కొండ మీది నుంచి కృష్ణ దగ్గరికి వందల మెట్లు దిగాలి, లేదంటే రోప్‌వే ఉంది. నాయనమ్మ, పిల్లలు రోప్‌వే ఎక్కారు. తాతయ్య మెట్ల దారే పట్టాడు, తోడుగా కొడుకు. సగం దారిలో ఒక మెట్టు మీద కూర్చుని కండువాతో మొహం తుడుచుకుంటుండగా కొడుకు ఫోటో తీశాడు.

ఈ ఫోటోకు మొదట వేళ్లకు వచ్చే మాట "పాపం తాతయ్య అలిసిపోయాడు." అలిసిపోయిన సంగతి ఫోటో ఎలాగూ చెబుతోంది. "పాపం" అన్న మాట ఆయన్ని అడగకుండా చేర్చింది. పెద్దవాళ్ల ఫోటోల కింద ఈ జాలి తెలియకుండానే చేరిపోతుంది. చక్రాల కుర్చీలో ఉన్నా, కర్ర పట్టుకున్నా, "ఈ వయసులో కూడా" అని మొదలుపెడతాం. ఆ మాట ఆయన చదువుతాడని మరిచిపోతాం. దానికి బదులు పక్కన కూర్చుని ఒక ప్రశ్న అడిగితే వేరే వాక్యం దొరుకుతుంది. "ఎలా ఉంది నాన్నా?" అని కాదు, దానికి "బానే ఉందిరా" తప్ప ఇంకేమీ రాదు. "ఇంతకుముందు మీరొచ్చినప్పుడు ఇక్కడ ఏముండేది?" అని అడగాలి.

తాతయ్య చెప్పాడు. పెళ్లైన కొత్తలో ఇద్దరూ బస్సులో వచ్చారు. డ్యామ్ పని జరుగుతోంది. లారీలు, పని మనుషులు, దుమ్ము. నది ఇంకా కిందికి ఉండేది, మెట్లు ఇప్పటికంటే ఎక్కువ దిగాల్సి వచ్చేది. ఏ ఏడాదంటే మాత్రం ఆయనకు గుర్తులేదు. నాయనమ్మను అడిగితే "పెద్దాడు కడుపులో పడక ముందు" అంది, అంతే ఖాయంగా.

ఇలాంటి చోట చిన్న పరిశోధన అక్కరకొస్తుంది. శ్రీశైలం ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1963లో. డ్యామ్ పూర్తయ్యేసరికి 1980ల మొదటికి వచ్చింది. జలాశయం నిండాక పాతాళగంగ దగ్గర నీటిమట్టం పైకొచ్చి కింది మెట్లు మునిగాయి. కాబట్టి ఆయన చెప్పిన పని రోజులు, లోతైన నది రెండూ ఒకదానికొకటి సరిపోతున్నాయి. వాళ్లు వచ్చింది జలాశయం నిండక ముందే. పెద్ద కొడుకు పుట్టింది 1979లో అయితే లెక్క ఇంకా బిగుస్తుంది. ఏడాది తేలకపోయినా ఫర్వాలేదు, తేలినంతే రాయాలి. తెలియనిదాన్ని "1978" అని ఖాయం చేసి రాస్తే రేపు అదే చరిత్రైపోతుంది.

"పాతాళగంగ మెట్లు. డ్యామ్ కడుతున్న రోజుల్లో ఇద్దరూ ఇక్కడే దిగారు. అప్పుడు నది ఇంకా కిందికి ఉండేదట."

చివర్లో ఉన్న ఆ "ట" చాలా పని చేస్తుంది. ఇది కొడుకు చూసింది కాదు, తండ్రి చెప్పగా విన్నది అని చెప్పేస్తుంది. కింద నీటి దగ్గర తీసిన ఫోటోకు ఇంకో ఆనవాలు కలపొచ్చు. ఆ ఏడు కృష్ణకు సరైన వరద రాలేదు, జలాశయం నిండలేదు. మామూలుగా మునిగి ఉండే మెట్లు కొన్ని బయటే ఉంటాయి. "నీళ్లు తక్కువ, మెట్లు ఎక్కువ" అని రాస్తే, వరద బాగా వచ్చిన ఏడు మళ్లీ అదే చోట దిగిన ఫోటోతో పోల్చుకోవచ్చు.

డ్యామ్ దగ్గర మాత్రం ఒక్క వాక్యం చాలు. మనవడు గేట్లు ఎత్తి ఉంటాయని ఆశపడి వచ్చాడు: "పన్నెండు గేట్లూ మూసే ఉన్నాయి. వాడి మొహం కూడా."

ఏది రాయకూడదో కూడా చూడాలి. పాపకు పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు ఏడుస్తున్న ఫోటో ఇంట్లో ఆల్బమ్‌కు సరే, స్టేటస్‌కు వద్దు. పదిహేనేళ్లు వచ్చాక ఆ పిల్ల మొహం ఎక్కడ పెట్టుకోవాలి? నదిలో మునిగి తడి చీరతో గట్టెక్కుతున్న నాయనమ్మ ఫోటో ఆమెను అడగకుండా ఎవరికీ పంపకూడదు. ఆమె వద్దంటే తీసేయాలి, "ఏం కాదులే అత్తయ్యా" అని సర్దిచెప్పకూడదు. దర్శనం టికెట్టును చేతిలో పట్టుకుని ఫోటో దిగడం మామూలైంది. దాని మీద పేరు, గుర్తింపు కార్డు వివరాలు, స్కాన్ చేసే చతురస్రం ఉండొచ్చు. వాటిని మడిచి గానీ తీయకూడదు. పిల్లల బడి పేరు కనిపించే టీషర్టు కూడా అంతే. ఇంటికి తాళం వేసి ఆరుగురూ అడవిలో ఉన్న సమయంలో "ఇప్పుడే శ్రీశైలం చేరుకున్నాం, మూడు రోజులు ఇక్కడే" అని ఊరంతటికీ చెప్పడం కంటే తిరిగొచ్చాక పెట్టుకోవడమే మంచిది.

రాసే పని మొత్తం సత్రం గదిలో రాత్రి అరగంటలో అయిపోతుంది. రోజంతా తీసిన వాటిలో ఒకే రకంగా ఉన్నవి ముందు తీసేయాలి. గోపురం ముందు పదమూడు ఫోటోలు తీస్తే, ఎవరూ కళ్లు మూసుకోనిది ఒకటి ఉంటే గొప్ప. మిగిలిన పది పన్నెండింటిని పెద్దవాళ్ల ముందు పెట్టి వరసగా చూపిస్తే మాటలు వాటంతటవే వస్తాయి. తాతయ్య చెప్పేది నిమిషం సేపు రికార్డు చేసుకుంటే పేర్లు, ఊళ్లు పోవు. వాదించుకుంటే ఇద్దరి మాటా రాయొచ్చు: "తాతయ్య లెక్కన రెండోసారి, నాయనమ్మ లెక్కన మూడోసారి."

ఫోటోలు అచ్చు వేయించి ఆల్బమ్ చేయించేవాళ్లకు చివరి చిక్కు స్టూడియోలో ఎదురవుతుంది. ఫోన్‌లో టైపు చేసిన తెలుగు యూనికోడ్‌లో ఉంటుంది. చాలా డీటీపీ సెంటర్లు, ఆల్బమ్ డిజైనర్లు అను ఫాంట్లతో పని చేస్తారు. ఒకదాన్ని ఇంకోదాంట్లోకి మార్చకుండా అతికిస్తే అక్షరాలు పిచ్చి గుర్తులవుతాయి. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషల అమరిక ఎంచుకోకపోతే ఒత్తులు ఊడి పక్కకు పడతాయి. "శ్రీశైలం" అన్న మాటలో శకు రావత్తు సరిగ్గా కింద అతుక్కుందా, "దర్శనం"లో రకు శవత్తు సరైన చోట ఉందా, "తాతయ్య"లో యవత్తు నిలిచిందా అని చూస్తే తప్పు వెంటనే దొరుకుతుంది. చిన్న ఫోన్ తెరమీద పీడీఎఫ్ చూసి సరేననకుండా, ఒక పేజీ అచ్చు వేయించి తాతయ్య చేతికిచ్చి చదవమనాలి. ఆయన కళ్లజోడు లేకుండా తడుముకుంటే అక్షరం సైజు పెంచాలి.

ఆల్బమ్ కాకుండా విడి ఫోటోలు కడిగించుకుంటే వెనక రాసేటప్పుడు బాల్‌పెన్ను గట్టిగా నొక్కకూడదు, గీత ముందువైపు మొహాల మీద ఉబ్బుతుంది. ఇప్పటి నున్నటి ఫోటో కాగితం మీద పెన్సిల్ సరిగ్గా పడదు, మామూలు సిరా ఆరక ముందే పక్క ఫోటోకు అంటుకుంటుంది. సీడీల మీద రాసే సన్నటి మార్కర్‌తో అంచున, మొహాలు లేని చోట వెనకవైపు రాసి, పది నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు ఒకదాని మీద ఒకటి పెట్టుకోవాలి.